మింగింది ఒక మాత్ర, ఒంటికి పట్టింది మూడు: గ్రేప్‌ఫ్రూట్ రసం చేసే పని

రక్తపోటుకు వాడే ఫెలోడిపిన్ అనే మందు ఉంది. 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి నీళ్లతో మింగితే, అందులో రక్తంలోకి చేరేది దాదాపు ముప్పావు మిల్లీగ్రాము మాత్రమే. మిగతా 85 శాతం దారిలోనే ఖర్చయిపోతుంది. ఇది మాత్ర తయారీలో లోపం కాదు. ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకుని, పోయేది పోగా మిగిలే కొంచెం సరిపోయేలాగే మోతాదు పెట్టారు. అదే మాత్రను ఒక గ్లాసు గ్రేప్‌ఫ్రూట్ రసంతో మింగితే రక్తంలోకి సగటున రెండు మిల్లీగ్రాములకు పైగా చేరుతుంది. అంటే చేత్తో వేసుకున్నది ఒక మాత్ర, ఒంటికి పట్టింది దాదాపు మూడు మాత్రలు.

అసలు విషయంలోకి వెళ్లేముందు పేరు సంగతి తేల్చుకోవాలి. గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్ష కాదు. నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన పెద్ద పండు ఇది. పంపరపనసకూ తీపి నారింజకూ పుట్టిన సంకరం. చెట్టుకు గుత్తులుగా వేలాడుతుంది కాబట్టి ఇంగ్లిషులో ఆ పేరు వచ్చిందంటారు. మందు కాగితం మీద ఈ మాట చూసి ద్రాక్షపళ్లు మానేసి, పంపరపనస తొనలు మాత్రం నిశ్చింతగా తినే మనిషి చేసేది సరిగ్గా తలకిందుల పని. ద్రాక్షకు ఇక్కడ చెప్పబోయే గొడవ లేదు. పంపరపనసకు ఉంది.

రుచి తెలియకుండా కలిపిన రసం

ఈ సంగతి ఎవరూ వెతకబోతే దొరికింది కాదు. కెనడాలోని లండన్ నగరంలో డేవిడ్ బెయిలీ, ఆయన సహచరులు ఫెలోడిపిన్ మీద మద్యం ప్రభావం చూద్దామని ఒక ప్రయోగం పెట్టారు. ఏ రోజు మద్యం ఇస్తున్నారో, ఏ రోజు ఇవ్వడం లేదో పాల్గొన్నవాళ్లకు తెలియకూడదు. అందుకని రెండు రోజులూ రుచి ఒకేలా ఉండేలా గ్రేప్‌ఫ్రూట్ రసం వాడారు. తీరా రక్తం పరీక్షిస్తే మద్యం ఇచ్చిన రోజే కాదు, ఇవ్వని రోజు కూడా మందు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా ఉంది. రెండు రోజులకూ ఉమ్మడిగా ఉన్నది రసం ఒక్కటే. ఈ ఫలితం 1989లో వెలువడింది.

1991లో ఆరుగురు పురుషుల మీద రసాన్నే గురిపెట్టి మళ్లీ చేశారు. నీళ్లతో మింగినప్పుడు రక్తానికి అందిన ఫెలోడిపిన్‌ను 100 అనుకుంటే, రసంతో మింగినప్పుడు సగటున 284 అందింది. సగటు పక్కన పెట్టి ఒక్కొక్కరినీ చూస్తే సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది: ఒకరిలో అది 164, మరొకరిలో 469. ఒకే మందు, ఒకే రసం, ఒకే గ్లాసు. తేడా మాత్రం మూడింతలు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైతే మొత్తం కథ అర్థమైనట్టే.

పేగు గోడ దగ్గర వసూలయ్యే సుంకం

మాత్ర పొట్టలో కరిగాక మందు చిన్న పేగు లోపలి గోడలోని కణాల గుండా వెళ్లాలి. అక్కడి నుంచి సిర ద్వారా కాలేయానికి వెళుతుంది, కాలేయం దాటాకే ఒళ్లంతా తిరిగే రక్తంలో కలుస్తుంది. ఈ రెండు చోట్లా సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ కాపలా ఉంటుంది. తనకు నప్పే ఆకారమున్న అణువులను పట్టుకుని, వాటికి ఆక్సిజన్ తగిలించి, ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోయే రూపంలోకి మార్చేయడం దాని పని. వాడుకలో ఉన్న మందుల్లో చాలావాటిని కరిగించేది ఈ ఒక్క ఎంజైమే. చాలామంది కాలేయాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుని పేగును మరిచిపోతారు. గ్రేప్‌ఫ్రూట్ కథంతా నడిచేది పేగు దగ్గరే.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవే. మింగిన మందు 100 పాళ్లు. పేగు గోడ దాటేసరికి 30 పాళ్లు మిగిలాయి. అందులో కాలేయం సగాన్ని కోసేసి 15 పాళ్లు వదిలింది. ఇప్పుడు పేగులో ఎంజైమ్ చాలావరకు పనిచేయడం మానేసిందనుకుందాం. కాలేయం మామూలుగానే ఉంది. పేగును 30కి బదులు 85 పాళ్లు దాటుతాయి. కాలేయం యథాప్రకారం సగం కోస్తుంది, 42 పాళ్లు మిగులుతాయి. 15 కాస్తా 42 అయింది, దాదాపు మూడింతలు.

ఈ లెక్కలోంచి ఒక ముఖ్యమైన హద్దు బయటపడుతుంది. పేగు వంద పాళ్లనూ వదిలేసినా రక్తానికి చేరేది 50 దాటదు. పేగు మామూలుగా ఎంత తినేసేదో, పెరగడానికి అంతే చోటు. పేగు ఎక్కువగా తినేసే మందుకు ప్రమాదం ఎక్కువ, పేగు పెద్దగా ముట్టుకోని మందుకు ప్రమాదం తక్కువ. మనిషికీ మనిషికీ తేడా కూడా దీనివల్లే. పుట్టుకతోనే పేగులో ఈ ఎంజైమ్ దండిగా ఉన్నవాళ్లలో మామూలు రోజుల్లో మందు ఎక్కువ వృథా అవుతుంది, రసం తాగిన రోజున ఎక్కువ పెరుగుతుంది. ఆరుగురిలో 469 చూపించిన వ్యక్తి పేగు అలాంటిదై ఉండాలి.

ఇది కాలేయం పని కాదని, పేగు పనేనని ఎలా తెలిసిందంటే, ఫెలోడిపిన్‌ను మాత్రగా కాకుండా నేరుగా సిరలోకి ఎక్కించి చూశారు. అప్పుడు రసం తాగినా స్థాయి పెరగలేదు. పైగా మాత్ర మింగినప్పుడు కూడా రక్తంలో శిఖరం ఎత్తు పెరిగింది గానీ, అక్కడి నుంచి తగ్గే వేగం మారలేదు. కాలేయం దెబ్బతిని ఉంటే మందు నెమ్మదిగా తగ్గాలి. అందువల్ల ఇంజెక్షన్‌గా తీసుకునే మందులకు మామూలుగా తాగే రసంతో ఈ చిక్కు రాదు. అతిగా, లీటర్ల కొద్దీ తాగేవాళ్లలో కాలేయం మీద కూడా కొంత ప్రభావం కనిపించవచ్చు, అది వేరే సంగతి.

ఎంజైమ్ ఆగిపోవడం కాదు, పాడైపోవడం

రసంలో ఈ పని చేసేవి ఫ్యూరానోకూమరిన్‌లు అనే పదార్థాలు. బెర్గమోటిన్, డైహైడ్రాక్సీబెర్గమోటిన్ వాటిలో ప్రధానమైనవి. మొదట్లో అనుమానం పండుకు చేదునిచ్చే నారింజిన్ మీదికి పోయింది, కానీ దాన్ని విడిగా ఇచ్చి చూస్తే అంత ప్రభావం రాలేదు. తర్వాత ఫ్యూరానోకూమరిన్‌లను తీసేసిన గ్రేప్‌ఫ్రూట్ రసం తయారుచేసి ఇస్తే ఫెలోడిపిన్ పెద్దగా పెరగలేదు. దొంగ దొరికాడు.

ఇవి ఎంజైమ్‌ను ఎలా పాడుచేస్తాయన్నది జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే మందు వాడేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. రెండు మందులు ఒకే ఎంజైమ్ కోసం పోటీ పడితే ఒకటి కాసేపు అడ్డుపడుతుంది, అది వెళ్లిపోగానే ఎంజైమ్ మళ్లీ పనిలో పడుతుంది. ఫ్యూరానోకూమరిన్ అలా కాదు. ఎంజైమ్ దాన్ని కూడా మామూలు సరుకే అనుకుని పట్టుకుంటుంది, అలవాటు ప్రకారం ఆక్సిజన్ తగిలిస్తుంది. అలా పుట్టిన కొత్త పదార్థం చాలా చురుకైనది. అది బయటికి రాకుండా ఎంజైమ్‌కే శాశ్వతంగా అతుక్కుపోతుంది. కత్తికి పదును తగ్గడం కాదిది, కత్తే విరిగిపోవడం. విరిగిన ఎంజైమ్‌ను కణం చెత్తలా పారేస్తుంది.

1997లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కొన్ని రోజులు రసం ఇచ్చి, పేగు గోడ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే, సీవైపీ3ఏ4 ప్రోటీన్ 62 శాతం తగ్గింది. ఆ ఎంజైమ్‌ను తయారుచేయమని చెప్పే జన్యు సందేశం మాత్రం తగ్గలేదు. ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది, తయారైన సరుకు పాడైపోతోంది. మళ్లీ మామూలు స్థితి రావాలంటే కణాలు కొత్త ఎంజైమ్‌ను తయారు చేసుకోవాలి. దానికి గంటలు కాదు, రోజులు పడుతుంది.

“మాత్ర పొద్దున, రసం సాయంత్రం” ఎందుకు పనికిరాదు

రసం తాగిన నాలుగు గంటల్లోపు ఎప్పుడు ఫెలోడిపిన్ వేసుకున్నా ప్రభావం పూర్తిగా ఉంటుంది. పది గంటల తర్వాత సగం ఉంటుంది. 24 గంటల తర్వాత కూడా నాలుగో వంతు ఉంటుంది. ఈ అంకెలు పట్టుకుని ఒక మనిషి రోజును చూద్దాం. రాత్రి పది గంటలకు ఒక గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల రసం తాగాడు. పొద్దున ఎనిమిదికి ఎప్పటిలాగే 5 మిల్లీగ్రాముల ఫెలోడిపిన్ నీళ్లతో వేసుకున్నాడు. రసం, మాత్ర కలిసింది లేదు, మధ్యలో ఒక నిద్ర కూడా అయిపోయింది. అయినా సగటు లెక్కన పూర్తి ప్రభావంలో వచ్చే 184 శాతం పెరుగుదలలో సగం, అంటే 92 శాతం, ఇంకా మిగిలే ఉంది. ముప్పావు మిల్లీగ్రాము చేరాల్సిన చోట దాదాపు 1.4 మిల్లీగ్రాములు చేరింది. ఇంచుమించు రెండు మాత్రలు వేసుకున్నట్టే.

ఇతను అదే రాత్రి మళ్లీ రసం తాగితే, నిన్నటి నష్టం పూర్తిగా పూడకముందే కొత్త నష్టం మొదలవుతుంది. రోజుకు మూడు గ్లాసుల చొప్పున ఆరు రోజులు తాగించి చూసిన ప్రయోగంలో ఫెలోడిపిన్ స్థాయి, ఒకే ఒక్క గ్లాసు తాగినప్పటికంటే రెండింతలు ఉంది. అందుకే ఫెలోడిపిన్‌లా ఈ రసంతో పెరిగే మందైతే “ఎంత ఎడం ఇవ్వాలి” అన్న ప్రశ్నకు గంటల్లో జవాబు లేదు. ఆ మందు వాడినన్నాళ్లూ రసం పూర్తిగా మానేయడమే ఆచరణలో కుదిరే పద్ధతి. కొత్తగా మందు మొదలుపెట్టేవాళ్లు చివరి గ్లాసు తాగి కనీసం మూడు రోజులైందో లేదో చూసుకోవాలి.

రసం మాని పండు తింటే తప్పించుకోవచ్చన్న ఆశ కూడా పెట్టుకోనక్కర్లేదు. ఒక పండులోని తొనలు తిన్నా దాదాపు గ్లాసు రసం తాగినంత ప్రభావమే. ఊరగాయలకు, మార్మలేడ్‌కు వాడే చేదు రకం సెవిల్ నారింజలోనూ, పంపరపనసలోనూ ఇవే ఫ్యూరానోకూమరిన్‌లు ఉన్నాయి. మామూలు తీపి నారింజలో లేవు, కాబట్టి దానితో ఈ ఎంజైమ్ గొడవ రాదు.

ఒకే కుటుంబం, వేర్వేరు తలరాతలు

2013 నాటికి బెయిలీ బృందం లెక్కలో ఈ పండుతో చిక్కు ఉన్న మందులు 85కు పైగా తేలాయి. వాటిలో 43 తీవ్రమైన హాని చేయగలవి. ఆ జాబితాను బట్టీ పట్టనక్కర్లేదు. మూడు ప్రశ్నలకూ అవునని జవాబు వస్తే అనుమానించాలి: నోటితో తీసుకునే మందా, సీవైపీ3ఏ4తోనే ప్రధానంగా కరుగుతుందా, మామూలుగా రక్తానికి చేరే వాటా తక్కువా? మూడో ప్రశ్న అందరూ వదిలేసేది, కానీ అసలు కీలకం అదే. చేరే వాటాను బయోఅవైలబిలిటీ అంటారు. మందుతో వచ్చే వివరణ కాగితంలో ఈ అంకె ఉంటుంది.

రక్తపోటు మందుల్లోనే ఫెలోడిపిన్ పక్కన ఆమ్లోడిపిన్‌ను పెట్టి చూడండి. రెండూ ఒకే కుటుంబం, రెండూ ఒకే ఎంజైమ్‌తో కరుగుతాయి. కానీ ఆమ్లోడిపిన్ మామూలుగానే 60 నుంచి 90 శాతం రక్తానికి చేరిపోతుంది. పేగు దగ్గర అది కట్టే సుంకమే తక్కువ, కాబట్టి సుంకం ఎత్తేసినా మిగిలేది స్వల్పం. ప్రయోగాల్లో కూడా రసంతో దాని స్థాయి కొద్దిగానే మారింది. “రక్తపోటు మందులకు గ్రేప్‌ఫ్రూట్ పడదు” అని టోకున చెప్పే సలహా అందుకే తప్పు. మందు పేరు అడక్కుండా ఆ మాట అనకూడదు.

కొలెస్ట్రాల్ మందులైన స్టాటిన్లలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టుంటుంది. సిమ్వాస్టాటిన్ రక్తానికి చేరే వాటా 5 శాతం కూడా ఉండదు. మామూలు చిక్కదనమున్న రసం రోజుకు 200 మిల్లీలీటర్ల చొప్పున మూడు రోజులు తాగాక ఈ మందు వేసుకుంటే, రక్తంలో దాని మొత్తం 3.6 రెట్లయింది. రెట్టింపు చిక్కటి రసాన్ని రోజుకు మూడుసార్లు ఇచ్చిన ప్రయోగంలో 16 రెట్లయింది. ఆ రెండోది ఎవరూ మామూలుగా తాగే పద్ధతి కాదు, దాన్ని పట్టుకుని బెంబేలెత్తనక్కర్లేదు. భయపడాల్సింది మొదటిదానికే. రోజూ 20 మిల్లీగ్రాములు వాడే మనిషికి 3.6 రెట్లంటే 72 మిల్లీగ్రాములు వేసుకున్నట్టు. 80 మిల్లీగ్రాముల మోతాదు కండరాలను దెబ్బతీస్తోందని 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని కొత్తగా ఎవరికీ మొదలుపెట్టవద్దని చెప్పింది. అలా వద్దన్న మోతాదు దరిదాపులకు, రోజుకో గ్లాసు రసంతో, ఎవరికీ తెలియకుండా చేరుకున్నట్టయింది.

లోవాస్టాటిన్‌ది కూడా సిమ్వాస్టాటిన్ దారే. అటోర్వాస్టాటిన్‌కు ప్రభావం ఉంటుంది గానీ అంత కాదు. రోసువాస్టాటిన్, ప్రావాస్టాటిన్, ఫ్లువాస్టాటిన్ ఈ ఎంజైమ్ మీద ఆధారపడవు, వాటికి ఈ రసంతో పేచీ లేదు. రసం మానలేనని మొండికేసేవాళ్లకు వైద్యులు మందు మార్చి ఇవ్వగలిగేది అందుకే.

మిగతా మందుల్లో గుర్తుంచుకోవాల్సినవి: అవయవ మార్పిడి జరిగినవాళ్లు వాడే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, సిరోలిమస్, గుండె లయకు వాడే అమియోడరోన్, డ్రోనెడరోన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే టికాగ్రెలార్, గౌట్ నొప్పికి ఇచ్చే కోల్చిసిన్, ఆందోళనకు ఇచ్చే బుస్పిరోన్, మూర్ఛకు ఇచ్చే కార్బమజెపిన్, మానసిక వ్యాధులకు ఇచ్చే క్వెటియాపిన్, లురాసిడోన్, క్యాన్సర్‌కు నోటితో తీసుకునే నిలోటినిబ్ లాంటివి.

పెరగడం ఒకటే కాదు, ఎంత పెరిగితే తట్టుకోగలం

రెట్టింపైన ప్రతి మందూ ప్రాణం మీదికి తేదు. మందు పనిచేసే స్థాయికీ హాని చేసే స్థాయికీ మధ్య ఎడం ఎంత ఉందన్నది రెండో సగం. ఆ ఎడం వెడల్పుగా ఉన్న మందు మూడింతలైనా కాస్త కళ్లు తిరగడంతో పోవచ్చు. ఎడం ఇరుకైతే 40 శాతం పెరుగుదల కూడా ఆసుపత్రి పాలుచేస్తుంది.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ టెర్ఫెనడిన్ అనే అలర్జీ మాత్ర. మామూలు మనిషిలో అది పేగులో, కాలేయంలో దాదాపు పూర్తిగా ఫెక్సోఫెనడిన్ అనే నిరపాయకరమైన రూపంలోకి మారిపోయేది. అలర్జీని తగ్గించేది కూడా ఆ మారిన రూపమే. మారని టెర్ఫెనడిన్ రక్తంలో పేరుకుంటే గుండె కొట్టుకున్న తర్వాత మళ్లీ సిద్ధమయ్యే సమయం సాగుతుంది, లయ ప్రాణాంతకంగా తప్పుతుంది. ఈ ఎంజైమ్‌ను అడ్డుకునే కొన్ని యాంటీబయాటిక్‌లు, ఫంగస్ మందులు కలిసినప్పుడు మరణాలు సంభవించాయి. గ్రేప్‌ఫ్రూట్ రసంతో కూడా స్థాయి పెరుగుతుందని తేలింది. 1998లో అమెరికాలో ఆ మందును మార్కెట్ నుంచి తీసేశారు.

టాక్రోలిమస్‌ది ఇంకో రకం ఇరుకు. పెరిగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, చేతులు వణుకుతాయి. తగ్గితే శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరిస్తుంది. అందుకే రక్తంలో స్థాయిని కొలుస్తూ మోతాదు సరిచేస్తారు. ఇక్కడొక ఉచ్చు ఉంది. రోజూ రసం తాగే అలవాటున్న మనిషికి, ఆ సంగతి తెలియకుండానే, రసంతో కలిపి సరిపోయే మోతాదు కుదురుతుంది. రసం మంచిది కాదని ఎవరో చెబితే అతను ఉన్నపళంగా మానేస్తాడు. మూడు రోజుల్లో పేగు ఎంజైమ్ కోలుకుంటుంది, మందు స్థాయి పడిపోతుంది, ప్రమాదం రెండో వైపు నుంచి వస్తుంది. మానేయడం తప్పు కాదు. వైద్యుడికి చెప్పకుండా, రక్తపరీక్ష చేయించుకోకుండా మానేయడం తప్పు.

ఎలా తెలుస్తుంది, తాగేస్తే ఏం చేయాలి

సంకేతాలు మందును బట్టి మారతాయి, ఎందుకంటే కనిపించేది రసం విషం కాదు, ఆ మందే ఎక్కువైన లక్షణం. ఫెలోడిపిన్‌తో అయితే లేచి నిలబడగానే కళ్లు తిరగడం, ముఖం వేడెక్కి ఎర్రబడటం, తలనొప్పి, గుండెదడ, చీలమండల వాపు. స్టాటిన్‌తో అయితే పని ఏమీ చేయకుండానే తొడలు, భుజాలు నొప్పెట్టడం, బలహీనత. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కండరం కరిగి మూత్రపిండాల్లోకి పోతోందని అర్థం, అప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కోల్చిసిన్ ఎక్కువైతే ముందు వాంతులు, విరేచనాలు వస్తాయి. వాటిని తిన్నది పడలేదని కొట్టిపారేయడం ప్రమాదం. టికాగ్రెలార్‌తో చిగుళ్ల నుంచి రక్తం, కారణం లేని కమిలిన మచ్చలు. నిద్ర మందులతో మరుసటి రోజంతా మత్తు. గుండె లయ మందులు వాడేవాళ్లకు స్పృహ తప్పడం అన్నిటికంటే పెద్ద హెచ్చరిక.

పొరపాటున ఒక గ్లాసు తాగేసి మాత్ర కూడా వేసుకున్నవాళ్లు చేయాల్సిన పని సాదాసీదాగానే ఉంటుంది. రక్తపోటు మందైతే కూర్చుని లేదా పడుకుని, ఇంట్లో పరికరముంటే కొన్ని గంటలపాటు రక్తపోటు చూసుకుంటూ ఉండాలి. రసం మళ్లీ తాగకూడదు. తర్వాతి మాత్రను సొంతంగా మానేయడమో సగం చేయడమో కాకుండా, మందు పేరు, ఎన్ని గంటలకు ఎంత రసం తాగారన్నది చెప్పి వైద్యుడినో ఫార్మసిస్టునో అడగాలి. ఆ మూడు వివరాలు చేతిలో ఉంటే వాళ్లకు నిర్ణయం తేలిక.

ఇంతగా స్థాయి పెంచే రసమైతే ఖరీదైన మందు తక్కువ వేసుకుని రసంతో సరిపెట్టుకోవచ్చు కదా అన్న ఆలోచన కొందరికి వస్తుంది. తెలివైన ఆలోచనే. సైక్లోస్పోరిన్ విషయంలో వైద్యులకూ వచ్చింది. చిక్కేమిటంటే రసం కొలిచిన మందు కాదు. రకాన్ని బట్టి, పంట కాలాన్ని బట్టి, పిండి నిల్వ చేసిన పద్ధతిని బట్టి ఫ్యూరానోకూమరిన్‌లు మారిపోతాయి, తాగే మనిషి పేగు కూడా మారిపోతుంది. 2012లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు క్యాన్సర్ రోగుల్లో సిరోలిమస్‌కు తోడుగా రోజుకో గ్లాసు రసం ఇచ్చి చూసినప్పుడు, రక్తంలో మందు దాదాపు 350 శాతం పెరిగింది. కానీ అది ముందే పరీక్షించిన రసంతో, రక్తంలో స్థాయి కొలుస్తూ చేసిన పని. వంటింట్లో ఆ రెండూ ఉండవు.

అదే పండు, తిరగబడ్డ లెక్క

అన్ని మందులూ పెరగవు, కొన్ని తగ్గుతాయి. క్లోపిడోగ్రెల్ మింగిన రూపంలో పనిచేయదు, ఒంట్లోని ఎంజైమ్‌లు దాన్ని మార్చాకే రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. మార్చే ఎంజైమ్‌లు దెబ్బతింటే పనిచేసే రూపం తగ్గిపోతుంది. 2014లో వెలువడిన ప్రయోగంలో రసంతో అది బాగా పడిపోయింది. స్టెంట్ వేయించుకున్న మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

టెర్ఫెనడిన్ స్థానంలో వచ్చిన ఫెక్సోఫెనడిన్‌ది మరీ విచిత్రం. తండ్రి మందును ఈ పండు పెంచేది, కొడుకు మందును తగ్గిస్తుంది. ఫెక్సోఫెనడిన్‌ను సీవైపీ3ఏ4 దాదాపు ముట్టుకోదు. పేగులోంచి దాన్ని లోపలికి మోసుకెళ్లేది ఒక రవాణా ప్రోటీన్. మొదట్లో అనవసరంగా నింద మోసిన నారింజిన్ ఇక్కడ నిజంగానే దోషి. ఆ ప్రోటీన్‌కు అడ్డుపడేది అదే. నారింజ, ఆపిల్ రసాలు కూడా ఇలాగే అడ్డుకుంటాయి. 300 మిల్లీలీటర్ల గ్రేప్‌ఫ్రూట్ రసంతో మింగితే రక్తానికి చేరే ఫెక్సోఫెనడిన్ దాదాపు 40 శాతం తగ్గుతుంది. తుమ్ములు ఆగలేదని మనిషి మాత్రను తిట్టుకుంటాడు. అయితే ఈ అడ్డు తాత్కాలికం, ప్రోటీన్ విరగదు, నాలుగు గంటల్లో దారి తెరుచుకుంటుంది. ఫెలోడిపిన్‌కు పనికిరాని ఉపాయం ఈ ఒక్కచోట పనికొస్తుంది: మాత్ర నీళ్లతో వేసుకుని, పళ్ల రసానికీ దానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఇస్తే చాలు.